ధర, అమ్మకం, ముడిసరుకు మారితే లాభమెంత: స్ప్రెడ్‌షీట్‌లో సెన్సిటివిటీ పట్టిక కట్టే విధానం

చిన్న తయారీ యూనిట్ నడిపేవారిలో ఎక్కువమంది నెలకు ఒకే లాభం అంకెను లెక్క వేసుకుంటారు. ఆ అంకె మూడు ఊహల మీద నిలబడి ఉంటుంది: అమ్మకపు ధర ఇంత, అమ్ముడయ్యే పరిమాణం ఇంత, ఒక్కో వస్తువుకు అయ్యే మారే ఖర్చు ఇంత. వీటిలో ఏది ఎంత కదిలితే లాభం ఎంత కదులుతుందో ఒకే చోట చూపించేదే సెన్సిటివిటీ పట్టిక. దానిని కట్టే పద్ధతిని ఒక గానుగ నూనె యూనిట్ లెక్కతో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఇక్కడి రూపాయల అంకెలు పద్ధతిని వివరించడానికి వేసుకున్నవి. మీ బిల్లుల్లోని అంకెలను ఆ గడుల్లో పెట్టుకుంటే పట్టిక మీదవుతుంది.

గానుగ నూనెను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో మారే ఖర్చు ఒకే అంకె కాదు. వేరుశనగ గింజల ధర కిలోకు పది రూపాయలు పెరిగితే లీటరు నూనె ఖర్చు పది రూపాయలు కాదు, ఇరవై నాలుగు రూపాయలు పెరుగుతుంది. మరోవైపు నూనె తీశాక మిగిలే చెక్క అమ్ముడుపోయి ఖర్చును కొంత తగ్గిస్తుంది. దుకాణదారుడి కమీషన్ అమ్మకపు ధర మీద శాతంగా పోతుంది. ఈ మూడింటినీ కలిపి "లీటరుకు ఖర్చు 282 రూపాయలు" అని ఒకే గడిలో టైపు చేస్తే, ఆ తరువాత ఎంత అందమైన పట్టిక కట్టినా అది తప్పే చెబుతుంది.

మొదటి మెట్టు: ఊహలన్నీ ఒక నిలువు వరుసలో

కొత్త షీట్ తెరిచి A నిలువు వరుసలో పేర్లు, B నిలువు వరుసలో విలువలు రాయండి. B2లో లీటరు అమ్మకపు ధర 380, B3లో నెలకు అమ్మే లీటర్లు 1500, B4లో కిలో గింజల ధర 115, B5లో లీటరు నూనెకు కావలసిన గింజలు 2.4 కిలోలు, B6లో లీటరుకు మిగిలే చెక్క 1.3 కిలోలు, B7లో కిలో చెక్క ధర 40, B8లో సీసా, మూత, లేబుల్ కలిపి 14, B9లో కరెంటు, వడపోత 6, B10లో దుకాణం కమీషన్ 10%, B11లో అద్దె, జీతాలు, బ్యాంకు వడ్డీ వంటి నెలవారీ స్థిర ఖర్చు 120000.

2.4 కిలోల అంకె గురించి ఒక మాట. లీటరు వేరుశనగ నూనె బరువు సుమారు 0.91 కిలో. అంటే గింజల బరువులో 38 శాతం నూనెగా వస్తోందని మనం అనుకుంటున్నాం. గింజ నాణ్యత, తేమ, గానుగ బిగువును బట్టి ఇది మారుతుంది కనుక మీ అంకెను నాలుగైదు వాయల తూకం నుంచి తీసుకోండి. అమ్మకపు ధరను మాత్రం జీఎస్టీ మినహాయించి రాయాలి. పన్ను మన చేతుల మీదుగా పోయే సొమ్మే తప్ప ఆదాయం కాదు. దానిని కలిపి రాస్తే పట్టికలోని ప్రతి గడీ లాభాన్ని ఎక్కువ చేసి చూపుతుంది.

ఇప్పుడు లెక్క గడులు మూడు. B13లో లీటరుకు మారే ఖర్చు, B14లో లీటరుకు మిగులు, అంటే లెక్కల వాళ్లు కాంట్రిబ్యూషన్ అనేది, B15లో నెల లాభం.

```
B13:  =B4*B5-B6*B7+B8+B9+B2*B10
B14:  =B2-B13
B15:  =B3*B14-B11
```

గింజలకు 276, చెక్క మీద వెనక్కి వచ్చేది 52, సీసాకు 14, కరెంటుకు 6, కమీషన్‌కు 38. కలిపితే మారే ఖర్చు 282. లీటరుకు మిగిలేది 98 రూపాయలు. 1500 లీటర్లకు 1,47,000. అందులోంచి స్థిర ఖర్చు పోతే నెల లాభం 27,000 రూపాయలు. B15లో ఈ అంకె రాకపోతే ముందుకు వెళ్లకండి. ఎక్కువ సందర్భాల్లో తప్పు B10లో ఉంటుంది: 10% అని కాకుండా 10 అని టైపు చేస్తే కమీషనే 3,800 రూపాయలై కూర్చుంటుంది.

రెండో మెట్టు: ధర, పరిమాణాల పట్టిక

ముందుగా ఒక గడి నుంచి పక్క గడికి అంకె ఎంత మారాలో, అంటే దాని మెట్టు ఎంతో నిర్ణయించుకోవాలి. B17లో ధర మెట్టు 10, B18లో పరిమాణం మెట్టు 150, B19లో గింజల ధర మెట్టు 10 రాయండి. చాలామంది అలవాటుగా అన్నింటికీ పది శాతం అటూ ఇటూ పెడతారు. నా ఉద్దేశంలో అది సరికాదు. ఏడాదిలో మీ గింజల కొనుగోలు ధర నిజంగా ఏ కనిష్ఠం నుంచి ఏ గరిష్ఠం దాకా తిరిగిందో పాత బిల్లులు చెబుతాయి. అమ్మకపు ధర అంత విస్తారంగా ఎప్పుడూ కదలదు. ఏ అంకె ఎంత కదలగలదో దానికి తగ్గ మెట్టు దానికి ఉండాలి.

D2లో గింజల ధరను `=B4` అని కలపండి. D3ను ఖాళీగా వదలండి. మూడో వరుసలో E నుంచి I వరకు పరిమాణాలు, D నిలువు వరుసలో 4 నుంచి 8 వరకు ధరలు వస్తాయి. మధ్య గడులను అసలు ఊహలకు ముడివేసి, మిగిలినవాటిని పక్క గడి నుంచి మెట్టు కలిపి, తీసివేసి రాబట్టాలి.

```
G3:  =$B$3
H3:  =G3+$B$18      (I3కు కాపీ)
F3:  =G3-$B$18      (E3లో =F3-$B$18)
D6:  =$B$2
D7:  =D6+$B$17      (D8కు కాపీ)
D5:  =D6-$B$17      (D4లో =D5-$B$17)
```

ఇప్పుడు E4లో అసలు సూత్రం:

```
=E$3*($D4*(1-$B$10)-$D$2*$B$5+$B$6*$B$7-$B$8-$B$9)-$B$11
```

ఇందులో డాలర్ గుర్తులే ప్రాణం. E$3లో డాలర్ అంకె ముందు ఉంది కనుక సూత్రాన్ని కిందికి కాపీ చేసినా అది మూడో వరుసను వదలదు, పక్కకు కాపీ చేస్తే మాత్రం F, G అంటూ జరుగుతుంది. $D4లో డాలర్ అక్షరం ముందు ఉంది కనుక అది D నిలువు వరుసను వదలకుండా వరుస వెంట మాత్రమే దిగుతుంది. మిగిలిన గడులకు రెండు వైపులా డాలర్ ఉంది కనుక అవి కదలవు. సూత్రంలోని గడి పేరు మీద కర్సర్ పెట్టి F4 మీట నొక్కుతూ పోతే ఈ మూడు రకాలూ, డాలర్ లేని రకమూ వరుసగా వస్తాయి. E4ను కాపీ చేసి E4 నుంచి I8 వరకు అతికిస్తే పట్టిక ఇలా నిండుతుంది.

| ధర / లీటర్లు | 1200 | 1350 | 1500 | 1650 | 1800 |
|---|---|---|---|---|---|
| 360 | -24,000 | -12,000 | 0 | 12,000 | 24,000 |
| 370 | -13,200 | 150 | 13,500 | 26,850 | 40,200 |
| 380 | -2,400 | 12,300 | 27,000 | 41,700 | 56,400 |
| 390 | 8,400 | 24,450 | 40,500 | 56,550 | 72,600 |
| 400 | 19,200 | 36,600 | 54,000 | 71,400 | 88,800 |

సున్నా కంటే తక్కువున్న గడులకు కండిషనల్ ఫార్మాటింగ్‌తో లేత ఎరుపు వేస్తే నష్టం ఎక్కడ మొదలవుతుందో మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. అంతకు మించిన రంగులు అవసరం లేదు. పచ్చ నుంచి ఎరుపు దాకా సాగే రంగుల వరస వేస్తే లాభనష్టాల సరిహద్దు ఆ రంగుల్లోనే మరుగున పడుతుంది.

మూడో మెట్టు: మూడో అంకెకు చోటు

కాగితానికి అడ్డం, నిలువు మాత్రమే ఉన్నాయి కనుక మూడో మార్పును, అంటే గింజల ధరను, పట్టికను మూడుసార్లు పేర్చి చూపించాలి. రెండో పట్టికకు D10లో `=B4-B19`, మూడో పట్టికకు D18లో `=B4+B19` రాయండి. శీర్షికలు 11, 19 వరుసల్లోకి వస్తాయి. వాటిని మళ్లీ కట్టనవసరం లేదు. E11లో `=E3`, D12లో `=D4` అని మొదటి పట్టికకే ముడివేసి పక్కకు, కిందికి కాపీ చేస్తే చాలు.

ఇక్కడే చాలామంది జారిపోతారు. మొదటి పట్టికను మొత్తంగా కాపీ చేసి కింద అతికిస్తే E$3, $D$2 రెండూ డాలర్ కారణంగా పాత చోటనే చూస్తూ ఉంటాయి. పరిమాణాలు మూడు పట్టికల్లోనూ ఒకటే కనుక E$3 వల్ల నష్టం లేదు గానీ, $D$2 వల్ల మూడు పట్టికలూ 115 రూపాయల గింజలకే లెక్క చూపుతాయి. మూడు పట్టికల్లో అంకెలు అచ్చంగా ఒకేలా ఉంటే తప్పు ఇదేనని వెంటనే గుర్తించవచ్చు. E12లో $D$2ను $D$10గానూ, E20లో $D$18గానూ మార్చి, ఆ తరువాతే మిగతా గడులకు కాపీ చేయాలి.

సరిగ్గా కడితే గింజల ధర 125 ఉన్న పట్టిక మధ్య గడిలో 9,000 రూపాయల నష్టం, 105 ఉన్న పట్టిక మధ్య గడిలో 63,000 రూపాయల లాభం కనిపిస్తాయి. అదే ధర, అదే అమ్మకం. మారింది గింజల ధర ఒక్కటే.

నాలుగో మెట్టు: పట్టికను పరీక్షించడం

పట్టికలోని సూత్రం B15లోని లెక్కనే మరోసారి రాసినది కనుక, రెండూ ఎప్పుడూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూసే కాపలా గడి ఒకటి ఉండాలి. మధ్య గడి మూల ఊహలకే ముడిపడి ఉంది కాబట్టి పరీక్ష సులభం. D1లో ఇది రాయండి.

```
=IF(ABS(G6-B15)<0.5,"సరి","తేడా")
```

ఇది ఒక్కటే చాలదు, ఎందుకంటే మధ్య గడి సరిగ్గా ఉండి అంచులు తప్పే అవకాశం ఉంది. అందుకు చేతి లెక్క ఒకటి చేయాలి. 380 రూపాయల వరుసలో పక్క గడికి వెళ్తే 150 లీటర్లు పెరుగుతాయి. లీటరుకు మిగులు 98 కనుక లాభం 14,700 పెరగాలి. 27,000 పక్కన 41,700 ఉంది, సరిపోయింది. 1500 లీటర్ల నిలువు వరుసలో ఒక మెట్టు దిగితే ధర పది రూపాయలు పెరుగుతుంది, అందులో రూపాయి కమీషన్‌కు పోయి తొమ్మిది మిగులుతుంది, కనుక తేడా 13,500 రావాలి. 15,000 వచ్చిందంటే పట్టికలోని సూత్రంలో కమీషన్ ధరతో పాటు కదలడం లేదని, 38 రూపాయల దగ్గరే ఆగిపోయిందని అర్థం.

ఎక్సెల్ డేటా టేబుల్ వాడదలచుకుంటే

పై పద్ధతి ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది. లాభం లెక్క పది పదిహేను గడుల గుండా సాగేదైతే మాత్రం దానంతటినీ ఒకే సూత్రంలో ఇరికించడం కష్టం. అప్పుడు ఎక్సెల్‌లోని డేటా టేబుల్ మేలు, గూగుల్ షీట్స్‌లో ఈ సదుపాయం లేదు. K3లో `=B15` రాసి, L3 నుంచి P3 వరకు పరిమాణాలు, K4 నుంచి K8 వరకు ధరలు టైపు చేయండి. K3:P8ను ఎంచుకుని Data → What-If Analysis → Data Tableకు వెళ్లండి. Row input cell అన్నచోట B3, Column input cell అన్నచోట B2 ఇవ్వండి. అడ్డంగా పరిచిన విలువలు ఏ గడిలోకి వెళ్లాలో మొదటిది అడుగుతోంది, నిలువుగా ఉన్నవి ఏ గడిలోకి వెళ్లాలో రెండోది అడుగుతోంది. తారుమారైతే ధర 1500, అమ్మకం 380 లీటర్లు అన్నట్టు లెక్క వేసి నమ్మశక్యం కాని లాభాలు చూపుతుంది.

ఇందులో మూడు జాగ్రత్తలు ఉన్నాయి. ఊహల గడులు, పట్టిక ఒకే షీట్‌లో ఉండాలి; వేరే షీట్‌లోని గడిని ఇస్తే ఎక్సెల్ ఒప్పుకోదు. శీర్షికలను B2, B3లకు ముడివేయకూడదు, అంకెలను నేరుగా టైపు చేయాలి. డేటా టేబుల్ పనిచేసేటప్పుడు ఆ గడుల్లో ఒక్కో విలువను పెట్టి తీస్తుంది. శీర్షికలు వాటిమీదే ఆధారపడితే అవి కూడా లోలోపల కదిలి, పైకి మామూలుగా కనిపించే తప్పుడు అంకెలు వస్తాయి. మొదటి పద్ధతిలో మంచిదైన ముడి ఇక్కడ చెరుపు చేస్తుంది. చివరగా, Formulas → Calculation Optionsలో డేటా టేబుళ్లను మినహాయించే ఎంపిక పెట్టి ఉంటే ఊహలు మార్చినా పట్టిక కదలదు. F9 నొక్కితే కదులుతుంది.

మూడో అంకె కోసం ఇక్కడ చిన్న ఉపాయం చాలు. K10లో 125 అని గింజల ధర రాసి, రెండో డేటా టేబుల్ మూల గడి K11లో ఈ సూత్రం పెట్టండి.

```
=B15-(K10-B4)*B5*B3
```

అసలు లాభంలోంచి, గింజల ధర పెరిగినందుకు అదనంగా అయ్యే ఖర్చును తీసివేస్తున్నాం. B15, B3 రెండూ ఇందులో ఉన్నాయి కనుక ధర, పరిమాణం మారినప్పుడు ఇదీ సరిగ్గా మారుతుంది.

పట్టికను చదవడం

పట్టిక నుంచి మొదట తీసుకోవలసినది లాభం సున్నా అయ్యే దూరం. మిగిలినవి కదలకుండా ధర ఒక్కటే తగ్గితే 360 దగ్గర లాభం పోతుంది. అది 5 శాతం పైచిలుకు మాత్రమే. గింజల ధర ఒక్కటే పెరిగితే 122.50 దగ్గర పోతుంది, అంటే ఆరున్నర శాతం. అమ్మకం ఒక్కటే తగ్గితే మాత్రం 1225 లీటర్ల దాకా, అంటే దాదాపు 18 శాతం దాకా తట్టుకుంటుంది. ఈ యూనిట్ యజమాని రాత్రింబవళ్లు కొత్త దుకాణాల కోసం తిరగడం కంటే, పంట చేతికొచ్చే రోజుల్లో గింజలు కొని నిల్వ పెట్టుకోవడానికి పెట్టుబడి చూసుకోవడం ముఖ్యమని ఈ మూడు అంకెలు చెబుతున్నాయి. అయితే నిల్వకు వడ్డీ, తరుగు ఉంటాయి. వాటిని B4లో కలిపి చూసినప్పుడే ఆ మాట నిలుస్తుంది.

రెండోది, గడులు ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించినా బజారులో అలా ఉండవు. ధర పెంచితే అమ్మకం ఎంతో కొంత తగ్గుతుంది. అందుకే పట్టికను నిలువుగా కాక ఏటవాలుగా చదవాలి. ధరను 390 చేస్తే లీటరుకు 107 మిగులుతుంది. ఇప్పటి 27,000 లాభమే చాలనుకుంటే 1374 లీటర్లు అమ్మితే సరిపోతుంది. అంటే 126 లీటర్ల వరకు పోగొట్టుకోవచ్చు. ధరను 370కి దించితే అదే లాభానికి 1652 లీటర్లు అమ్మాలి, అంటే 152 లీటర్లు అదనం. పది రూపాయలు పెంచితే నెలకు 126 లీటర్ల కంటే ఎక్కువ పోతాయా, తగ్గిస్తే 152 లీటర్ల కంటే ఎక్కువ వస్తాయా అన్నది మీ దుకాణదారులను అడగగల ప్రశ్న. పట్టిక లేకపోతే అడగవలసిన అంకె కూడా తెలియదు.

గింజల ధరకూ చెక్క ధరకూ ఉన్న సంబంధం మరోటి. ఈ షీట్ చెక్క ధరను 40 దగ్గరే నిలిపి ఉంచింది. అది కూడా గింజలతో పాటు పెరిగే చోట పై పట్టిక నష్టాన్ని కాస్త ఎక్కువ చేసి చూపుతుంది. మీ బిల్లుల్లో అలా కనిపిస్తే, గింజల ధర ఎక్కువున్న పట్టికకు చెక్క ధరను వేరే గడిలో పెట్టి, ఆ పట్టిక సూత్రంలో $B$7 బదులు దానిని చూపించండి.

స్థిర ఖర్చు మెట్టెక్కే చోటు

కుడి అంచు నిలువు వరుసలో 1800 లీటర్లకు 56,400 లాభం ఊరిస్తుంది. కానీ ఉన్న గానుగ, ఉన్న మనుషులు నెలకు 1650 లీటర్ల దాకానే లాగగలరనుకోండి. ఆపైన మరొక మనిషి, అదనపు గంటలు కలిపి నెలకు 18,000 ఖర్చు పెరుగుతుంది. B21లో 1650, B22లో 18000 రాసి, B15ను ఇలా మార్చండి.

```
=B3*B14-B11-IF(B3>B21,B22,0)
```

మూడు పట్టికల సూత్రాల చివర కూడా ఇదే భాగం చేరాలి. మొదటి పట్టికలో అది `-IF(E$3>$B$21,$B$22,0)` అవుతుంది. డేటా టేబుల్ వాడినవారికి ఈ పని లేదు, B15 మారితే చాలు.

ఇప్పుడు 380 రూపాయల వరుసలో 1650 లీటర్లకు 41,700 ఉంటే, 1800 లీటర్లకు 38,400 మాత్రమే ఉంటుంది. ఎక్కువ అమ్మి తక్కువ సంపాదించే గడి అది. 18,000 ఖర్చును లీటరుకు 98 చొప్పున రాబట్టాలంటే 1650 దాటాక ఇంకా 184 లీటర్లు అమ్మాలి, అంటే 1834 లీటర్లు దాటితేనే ఆ అదనపు మనిషి జీతం గిట్టుబాటు అవుతుంది.

ఈ మార్పు తరువాత D1లోని కాపలా గడిని అలాగే నమ్మకండి. మధ్య గడి 1500 లీటర్లది కనుక, పట్టిక సూత్రంలో కొత్త భాగం చేర్చడం మరిచినా అది "సరి" అనే చూపుతుంది. B3లో తాత్కాలికంగా 1800 అని టైపు చేయండి. శీర్షికలు B3కు ముడిపడి ఉన్నాయి కనుక మధ్య గడి 1800 లీటర్లకు జరుగుతుంది. B15లో 38,400 వచ్చి మధ్య గడిలో ఇంకా 56,400 కనిపిస్తూ, D1లో "తేడా" అని వస్తే సూత్రం మారలేదన్నమాట. మిగిలిన రెండు పట్టికల మధ్య గడులనూ అప్పుడే చూసుకోవాలి, D1 వాటిని పరీక్షించదు: గింజల ధర 105కు 81,600, 125కు 4,800 నష్టం ఉండాలి. అవి సరిపోయాక B3ను తిరిగి 1500 చేసి ఫైలును భద్రపరచండి.